ఎడమ కంటి కింద మడత

ఆయనకు అరవై ఏళ్లు. అందులో నలభై ఒక్క ఏళ్లు ఇతరుల ముఖాలు బాగుచేయడంలోనే గడిచిపోయాయి. మొటిమలు తీశాడు. కళ్ల కింద నలుపు తుడిచాడు. బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించాడు. మూసుకున్న కళ్లు తెరిపించాడు. వీధిలో అందరికీ ఆయన టచప్ మాస్టారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు.

ఒక మంగళవారం పొద్దున, స్టూడియో షట్టరు సగం కూడా ఎత్తకముందే, మేనకోడలు వంగి లోపలికి దూరింది. చేతిలో రెండు అట్టల మధ్య ఏదో ఉంది.

"మామయ్యా, అమ్మని నవ్వించాలి."

"నా వల్ల అవుతుందా? మీ నాన్న పాతికేళ్లు ప్రయత్నించి పోయాడు."

"వేళాకోళం కాదు. ఆదివారం కొత్త గది తెరుస్తున్నాం. బస్టాపు ఎదురుగా, మేడ మీద. పదడుగుల బోర్డు. అమ్మ ఫోటో లేకుండా బోర్డేంటి?"

అక్క ముప్పై ఎనిమిదేళ్లుగా కుట్టు నేర్పే బడి నడుపుతోంది. ఆ ఊళ్లో కత్తెర పట్టిన ఆడవాళ్లలో సగం మందికి ఆవిడే చెయ్యి పట్టి గీత గీయించింది. ఇప్పుడు కూతురు దాన్ని పెద్దది చేస్తోంది. బోర్డు మీద అక్క ముఖం ఉండటం న్యాయమే. ఆయన కాదనలేదు.

"మీ అమ్మ ఇంట్లోనే ఉందిగా. వెళ్లి తియ్యి."

"తియ్యనిస్తేగా! ఫోన్ ఎత్తితే చాలు, చెయ్యి నోటికి అడ్డం. 'నేను ఫోటోకి బిగుసుకుపోతానే, నాకా రాత లేదు' అంటుంది. పెళ్లి ఫోటోలో కూడా తల దించుకునే ఉంది. నాన్న ఏమనేవాడో గుర్తుందా? 'మీ అమ్మ నన్ను కట్టుకుంటున్నట్టు లేదు, పోలీసులు పట్టుకెళ్తున్నట్టుంది' అని."

అట్టలు విప్పింది. ఆయనకు చూడాల్సిన పని లేదు. అయినా చూశాడు.

నలుపు తెలుపు ఫోటో. ఇరవై నాలుగేళ్ల పిల్ల. కుట్టు టీచరుగా పరీక్ష పాసైన వారం తీసింది. రెండు జడలు, కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ, కొద్దిగా వంకరగా ఉన్న ముక్కు. పెదాలు అతికించినట్టు బిగించి ఉన్నాయి. బుగ్గలు చదునుగా, ఇస్త్రీ చేసినట్టు ఉన్నాయి. ఎవరో ఊపిరి బిగపట్టమని చెప్పి మళ్లీ వదలమని చెప్పడం మరిచిపోయినట్టుంది ముఖం.

"ఇదొక్కటే ఉంది. ఇప్పుడు కంప్యూటర్ చేసేస్తుందటగా, అందరూ అంటున్నారు. కానీ ఒక్క మాట. అమ్మ అమ్మలాగే ఉండాలి. ఎవరో సబ్బు ప్రకటన పిల్లని పెట్టకు."

"ఉంటుందిలే."

"నెగెటివ్ ఉందేమో చూడు మామయ్యా. ఇది చిన్నది, గీతలు పడింది. ఈ స్టూడియోలోదేగా?"

"ఉండదు," అన్నాడు ఆయన. "స్టూడియో పెద్దాయన పోయాక పాతవన్నీ పారేశాం."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! వాడినకొద్దీ నున్నబడే వస్తువుల్లో అదొకటి.

మేనకోడలు వెళ్లాక ఫోటోని స్కానర్ మీద బోర్లించాడు. తెర మీద అక్క ముఖం పెద్దదైంది. పని మొదలుపెట్టాడు.

మొదట ముఖం మొత్తాన్ని యంత్రానికి అప్పగించి, సహజమైన నవ్వు కావాలని అడిగాడు. నిమిషంలో ఇచ్చింది. అందమైన పిల్ల. ముత్యాల్లాంటి పళ్లు, సన్నని గడ్డం, చక్కగా నిటారైన ముక్కు. పుట్టుమచ్చని మచ్చ అనుకుని తుడిచేసింది. నవ్వు బాగానే ఉంది, నవ్వుతున్నది అక్క కాదు. చెరిపేశాడు.

రెండోసారి నోటి చుట్టూ మాత్రమే గీత గీసి, అంతవరకే మార్చమన్నాడు. ముక్కు, మచ్చ, గడ్డం భద్రంగా ఉన్నాయి. కానీ నోరు ఒక్కటే నవ్వుతోంది, కళ్లు ఇంకా పరీక్ష రాస్తున్నాయి. గుమ్మం దగ్గర అప్పులవాడిని చూసి నవ్వే నవ్వు అది. దాన్నీ చెరిపేశాడు.

నవ్వు నోటిలో ఉండదని ఈ పని చేసేవాళ్లకి తెలుసు. పెదాల చివర్లు పైకి, పక్కకి లాగితే బుగ్గలు ఎత్తుగా ఉబ్బుతాయి. బుగ్గలు పైకి తోస్తే కింది రెప్పలు బిగిసి, వాటి కింద మడత పడుతుంది. ముక్కు పక్క నుంచి నోటి దాకా గీత లోతవుతుంది. ముక్కు రంధ్రాలు కొంచెం వెడల్పవుతాయి, పై పెదవి పలచబడుతుంది. ఇవన్నీ కలిసి కదలాలి. కదలకూడనివి వేరే ఉన్నాయి: కళ్ల మధ్య దూరం, ముక్కు దూలం, చెవులు, నుదుటి మీద వెంట్రుకల అంచు, దవడ ఎముక. ఎముక మనిషిది. మాంసం ఆ క్షణానిది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు పుట్టుమచ్చ దగ్గర తప్పు చేస్తారు. మచ్చ గుర్తు కదా, అది మారకూడదు కదా అని, దాన్ని ఉన్నచోటే తాళం వేసి ఉంచుతారు. బుగ్గ పైకి వెళ్తుంది, మచ్చ కింద మిగిలిపోతుంది, ముఖం మీద ఈగ వాలినట్టుంటుంది. బుగ్గతో పాటే మచ్చ కూడా పైకి పోవాలి. అప్పుడే అది ఆ మనిషి మచ్చ.

ఇవన్నీ తెలుసు గనక, మధ్యాహ్నానికి ఒక ముఖం తయారైంది. పాత ఫోటోని దాని మీద పలచగా పరిచి చూశాడు. ఎముక ఎముక మీద కూర్చుంది. మచ్చ బుగ్గతో పాటు లేచింది. వేరే ఎవరైనా అయితే శభాష్ అనేవాళ్లు.

ఆయనకు మాత్రం తృప్తి కలగలేదు. ఎందుకంటే ఆ ముఖం మీద నవ్వు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు, ఇది అది కాదు.

లేచి వెనక గదిలోకి వెళ్లాడు. బీరువా అడుగు అరలో బిస్కెట్ల రేకు డబ్బా. అందులో తన పాత బ్రష్షులు, పెన్సిళ్లు, సన్నని కత్తి. వాటి కింద పసుపు కాగితంలో చుట్టిన అరచేతంత నెగెటివ్.

నలభై ఒక్క ఏళ్ల కిందటి సంగతి. ఆయనకు పందొమ్మిది. స్టూడియో పెద్దాయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. అక్క ఫోటోకి వచ్చింది. పెద్దాయన కెమెరా నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు, అక్క పకపకా నవ్వింది, అదే క్షణంలో తీశాడు. నెగెటివ్ తడి ఆరకముందే వెలుతురుకి ఎత్తి చూసి, "ఒరేయ్, ఈ గదిలో ఇలాంటి నవ్వు ఇప్పటిదాకా పడలేదురా. పెద్దది చేసి బయట అద్దాల పెట్టెలో పెడదాం," అన్నాడు.

అక్క నవ్వితే పై చిగుళ్లు పూర్తిగా కనిపించేవి. స్నేహితులు దాని గురించి ఒక మాట అనేవాళ్లు. ఇంటి బయట ఉన్నప్పుడు ఆయన కూడా వాళ్లతో కలిసి అనేవాడు. ఆ ఫోటో వీధి మొగలో, అద్దాల పెట్టెలో, రోజూ ఆ స్నేహితులు టీ తాగే చోటుకి ఎదురుగా ఉంటుంది. ఆ రాత్రంతా అదే ఆలోచన. మర్నాడు పెద్దాయన బయటికి వెళ్లగానే కత్తి తీశాడు.

నెగెటివ్ మీద తెల్లనివన్నీ నల్లగా ఉంటాయి. అక్క పళ్లు నల్లగా, గట్టిగా ఉన్నాయి. గీకాడు. గీకినచోట పలచబడి, కాగితం మీద పెదవి రంగులో పడుతుంది. చిగుళ్లతో కలిసి అంతా పెదవైపోయింది. మధ్యలో ఒక గీత మరింత లోతుగా గీశాడు, మూసిన నోరైంది. ఇక బుగ్గల ముడతలు, కళ్ల కింద మడతలు, పెదాల చివర నీడలు మిగిలాయి. వాటిని సీసం పెన్సిల్‌తో చుక్క చుక్కగా నింపాడు. నింపినచోట కాగితం మీద తెల్లబడి, చదునైపోతుంది. నవ్వుకి చిన్నదైన ఎడమ కన్నుకి కూడా పెన్సిల్‌తోనే తెలుపు దిద్ది, కుడి కన్నుతో సమానం చేశాడు. సాయంత్రానికి అక్క బిగుసుకుపోయింది. పని అంత శుభ్రంగా కుదరడం అదే మొదటిసారి. నిజానికి ఆయన పని నేర్చుకున్నది ఆ రోజే.

పెద్దాయనతో, "అక్క మళ్లీ నవ్వు వద్దందండి, నన్నే మార్చమంది," అన్నాడు. పెద్దాయన ప్రింటు కేసి చూసి, వేరే పని చూసుకున్నాడు. అక్కతో, "నువ్వు బిగుసుకుపోయావక్కా," అన్నాడు.

అక్క ఫోటో చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "నవ్వాను కదరా?" అంది.

"నవ్వాననుకున్నావు. కెమెరా ముందు అందరికీ అంతే."

అంతే. రెండు ముక్కలు. తరవాత అక్క నవ్వబోయినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలైంది. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

ఇప్పుడు దూది ఉండను టర్పెంటైన్‌లో ముంచి, నెగెటివ్ మీద మెల్లగా తుడిచాడు. పెన్సిల్ సీసం దూదికి అంటుకుని వచ్చేసింది. వెలుతురు డబ్బా మీద పెట్టి, స్కాన్ చేసి, నలుపు తెలుపులు తారుమారు చేశాడు.

కళ్లు తిరిగి వచ్చాయి. కింది రెప్పల మడతలు, బుగ్గల గుండ్రం, ముక్కు పక్క లోతు గీతలు, పెదాల చివర నీడలు. ఎడమ కన్ను కుడి కన్ను కంటే చిన్నదై, దాదాపు మూసుకుపోయి, కింద ఒక అడ్డమడత అదనంగా ఉంది. అక్క నవ్వితే అంతే. మరిచేపోయాడు. కాదు, మరిచిపోయానని అనుకున్నాడు.

నోరున్నచోట మాత్రం ఏమీ లేదు. కత్తి గీతలు, ఖాళీ. పెన్సిల్ తుడిస్తే పోతుంది. గీకింది రాదు.

తయారైన ముఖంలో కళ్లు, బుగ్గలు ఆ నెగెటివ్ ప్రకారం సరిచేశాడు. నోరు ఏం చేయాలి? యంత్రం ఎన్నిసార్లు అడిగినా ఒకే రకం పళ్ల వరస ఇస్తోంది, చిగుళ్లు ఇవ్వదు. చిగుళ్లు కావాలని అడిగితే ఇచ్చింది, ఎవరివో. లేని పళ్లు తెలియకుండా పెడితే అది ముఖం మార్చడమే. చివరికి పెదాలు మూసే ఉంచి, చివర్లు మాత్రం నీడలున్న చోటికి ఎత్తాడు. మూసిన పెదాల నవ్వు. అబద్ధం తక్కువగా ఉన్నది అదే అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ప్రింటు పట్టుకుని కుట్టు బడికి వెళ్లాడు. నేర్చుకునే పిల్లలు భోజనాలకి వెళ్లారు. పొడుగు బల్ల మీద సుద్దముక్కలు, సగం కత్తిరించిన గుడ్డలు. అక్క జాకెట్టు చేతికి గీత గీస్తోంది. మేనకోడలు ప్రింటు లాక్కుంది.

"అమ్మో! మామయ్యా! ఇది అమ్మే!" అని అరిచింది. "చూడవే అమ్మా, నువ్వు నవ్వుతున్నావు. కాకపోతే పళ్లు కనిపిస్తే ఇంకా బాగుండేది. నాది అమ్మ నోరే అంటారు, నా పళ్లు ఫోటో తీసి పెట్టేయరాదూ?"

"అప్పుడది నువ్వవుతావు," అన్నాడు.

అక్క సుద్దముక్క కింద పెట్టి, వేళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుంది. ప్రింటు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. గుడ్డ నేత చూసినట్టు అంగుళం అంగుళం చూసింది.

"యంత్రం చేసిందా ఇది?"

"యంత్రమే."

"ఈ ఎడమ కన్ను?"

"అదీ యంత్రమే అక్కా. ముఖం చూసి అదే ఊహించుకుంటుంది."

"ఏం చూసి ఊహించుకుంది? ఆ ఫోటోలో నా కళ్లు రెండూ బొమ్మకి కుట్టిన గుండీల్లా సమానంగా ఉన్నాయి. నవ్వితే ఎడమ కన్ను మూసుకుపోతుందని, దాని కింద మడత పడుతుందని మా అమ్మ అనేది. 'కన్ను కొడుతున్నావా' అని మీ బావ ఏడిపించేవాడు, చెయ్యి అడ్డం పెట్టినా కన్ను దాగదు కదా. వాళ్లిద్దరూ పోయారు. యంత్రానికి ఎవరు చెప్పారు?"

నాకు గుర్తుండి పెట్టానక్కా అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అదీ నున్నటి అబద్ధమే, ఎప్పటిలాగే తేలిగ్గా జారేది. కానీ అక్క వేలు సరిగ్గా ఆ మడత మీద ఉంది.

చొక్కా జేబులోంచి పసుపు కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఎందుకు వెంట తెచ్చుకున్నాడో ఆయనకే తెలియదు.

"పారేశామన్నావుగా!" అంది మేనకోడలు.

అక్క నెగెటివ్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తింది. నోటిచోట కత్తి గీతల గుండా ఎండ నేరుగా వచ్చి ఆవిడ చెంప మీద పడింది.

"నవ్వావక్కా," అన్నాడు. "నువ్వు నవ్వావు. నేనే గీకేశాను. చిగుళ్లు కనిపిస్తున్నాయని. పెద్దాయన అద్దాల పెట్టెలో పెడతానన్నాడు. నా స్నేహితులు చూస్తారని."

అక్క అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నాకు గుర్తుందిరా నవ్వినట్టు," అంది. "బుగ్గలు నొప్పి పుట్టాయి. ఆ నొప్పి కూడా గుర్తుంది. ఫోటో చూశాక, నాకే ఏదో తేడా ఉందనుకున్నాను. లోపల ఒకటి అనుకుంటే పైకి ఇంకోటి కనిపిస్తుందేమో నాకు అనుకున్నాను. సంతోషంగా ఉన్నప్పుడల్లా నా ముఖం ఎలా ఉందోనని భయం. ఇది పుట్టినప్పుడు, దీన్ని ఒళ్లో పెట్టినప్పుడు కూడా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను."

"తప్పయిపోయింది అక్కా."

"తప్పు కుట్టు అయితే విప్పి మళ్లీ వేస్తాను. నువ్వు గుడ్డ కత్తిరించేశావు."

"అమ్మా..." అంది మేనకోడలు.

"నువ్వుండవే. ఒరేయ్, నువ్వు బయట నిలబడు."

"ఎందుకు?"

"నిలబడమన్నాను."

మెట్ల మీద నిలబడ్డాడు. తలుపు వేసుకుంది. లోపల ఏవో గుసగుసలు. "చెయ్యి తియ్యవే అమ్మా," అని మేనకోడలు. "తీస్తున్నానే, నలభై ఏళ్ల అలవాటు, నువ్వే లాగెయ్," అని అక్క. తరవాత, "వాడి మొహం చూశావా, సుద్దముక్క మింగినట్టు," అంది. వెంటనే నవ్వు. పకపకా, ఆగకుండా, ఊపిరాడనంత నవ్వు. పందొమ్మిదేళ్లప్పుడు విన్నదే. తలుపు ఇవతల నిలబడి విన్నాడు. ఆ నవ్వు తన మీదే అని తెలుసు. చూడటానికి తనకి హక్కు లేదని కూడా తెలుసు.

మేనకోడలు తలుపు కొంచెం తీసి, తల మాత్రం బయటపెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాటలో మామయ్యా అన్న పిలుపు లేదు.

"ఇప్పుడు తీసిన ఫోటో ఫైలు పంపుతాను. బోర్డు మీ దగ్గరే కొట్టించమంది. ఇంకెక్కడా వద్దంది."

"సరే."

"ఒక్కటే చెప్పమంది. ముట్టుకోవద్దంది."

శనివారం పొద్దున ఆయన బోర్డులు ముద్రించే యంత్రం ముందు కూర్చున్నాడు. ఫైలు తెరిచాడు. అరవై అయిదేళ్ల ముఖం. పై వరసలో ఒక పన్ను లేదు. చిగుళ్లు నిండుగా కనిపిస్తున్నాయి. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి, కింద మడత మీద మడత పడింది. పుట్టుమచ్చ బుగ్గ మీదెక్కి కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని.

ముద్రణకి పంపే ముందు తెర మీద చిన్న గడి ఒకటి ఉంటుంది, ముఖాన్ని మెరుగుపరచాలా అని. కొనుక్కున్న రోజు నుంచీ దానిలో టిక్కు ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ తీయలేదు. ఇప్పుడు తీశాడు. మళ్లీ ఒకసారి చూసి, తీసే ఉందని నిర్ధారించుకున్నాడు.

యంత్రం కిర్రుమంటూ మొదలుపెట్టింది. ముందు ఖాళీ తెలుపు, తరవాత నెరిసిన జుట్టు, నుదురు. గీత గీతగా కిందికి దిగుతోంది. కళ్లు వచ్చాయి. ముక్కు వచ్చింది. నోరు మొదలయ్యేసరికి ఆయన లేచి, బయటికి వెళ్లి టీ తెచ్చుకుందామనుకున్నాడు. వెళ్లలేదు. వేళ్లు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. చిగుళ్లు ఎర్రగా, అరచేతి వెడల్పున, ఒక్కొక్క గీతగా బయటికి వచ్చాయి.

బోర్డు తీసుకెళ్లడానికి మేనకోడలు బండి పంపింది. తను రాలేదు. ఆదివారం ఎన్ని గంటలకి రావాలో ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఆ తరవాత ఒకరోజు బస్సులో అటుగా వెళ్తూ, కిటికీలోంచి చూశాడు. ఎదుటి సీటులో ఇద్దరు కుర్రాళ్లు బోర్డు చూపించి ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఆయన తల దించుకున్నాడు. ఆయనకు సిగ్గేసింది వాళ్లు అక్కని చూశారని కాదు, ఒకప్పుడు తనూ అలాగే నవ్వాడని.